‘ఆవరణీకరణ జరిగింది’ సరే, గట్టు వేసింది ఎవరు?

ప్రశ్న: నేను కావలిలో ఉంటూ సామాజికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. తీరప్రాంత జీవనోపాధుల మీద వస్తున్న ఒక వ్యాస సంకలనానికి వ్యాసం పంపాను. అందులోని ముఖ్యమైన పేరాను సంపాదకులు తిప్పి పంపారు. ఫిషరీస్, అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం చదివినవారికి కూడా అర్థం కావాలన్నారు. పేరా ఇది:

“నెల్లూరు తీరంలో రొయ్యల సాగు విస్తరణను భూసంబంధాల సరుకీకరణ, ఉమ్మడి వనరుల ఆవరణీకరణల ద్వారా సంభవించిన హరణ సంచయన ప్రక్రియగా అర్థం చేసుకోవలసి ఉంది. ఈ క్రమంలో చిన్న రైతాంగపు భేదీకరణ తీవ్రతరమై, కౌలు సంబంధాల విలోమీకరణ జరిగి, శ్రామిక కుటుంబాల సామాజిక పునరుత్పత్తి సంక్షోభం లింగీకృత రూపంలో వ్యక్తమైంది. అయినప్పటికీ స్థానికుల కర్తృత్వం నిర్మాణాత్మక పరిమితుల్లోనే వ్యక్తీకరణ పొందింది.”

నా నోట్సులో ఉన్నది ఇది: 1992 తర్వాత కొందరు వరి పొలాలను రొయ్యల గుంటలకు కౌలుకిచ్చారు. పక్క పొలాల్లోకి ఉప్పు ఊట దిగిందని అక్కడి రైతులు చెప్పారు. కొన్నాళ్లకు వారూ కౌలుకిచ్చేశారు. ఉప్పుటేరు ఒడ్డున పశువులు మేసే పోరంబోకులో గట్లు లేచాయి. ఆడవారికి నాట్లు, కలుపు పనులు తగ్గాయి, మంచినీళ్లకు దూరం పోతున్నారు. కొందరు కౌలు కాగితంలో, గడువు తీరాక గట్లు తీసి పొలం చదును చేసి ఇవ్వాలని రాయించుకున్నారు.

పారిభాషిక పదాలు తీసేస్తే సిద్ధాంతం పోతుందని మా గైడు భయం. ఎలా తిరగరాయాలి?

సమాధానం:

మీ ఉత్తరంలో నాకు ఇద్దరు రచయితలు కనిపించారు. పేరా రాసిన మనిషికి సిద్ధాంతం తెలుసు, నోట్సు రాసిన మనిషికి ఊరు తెలుసు. నోట్సునే పేరా స్థానంలో పెట్టేయండి అని చెప్పడం నాకు సులువే. కానీ నోట్సులో సంఘటనలు ఉన్నాయి, వాదన లేదు. అవన్నీ కలిసి ఏమవుతాయో అది చెప్పదు. పేరాలో వాదన ఉంది, అయితే ఆ వాదన ఏ సంఘటనల మీద నిలబడిందో కనిపించదు. తిరగరాయడమంటే ఈ ఇద్దరినీ ఒకే వాక్యంలో కూర్చోబెట్టడం. కష్టమైన మాటలకు తేలిక మాటలు వెతకడం ఇందులో చివర వచ్చే పని, అన్నిటికంటే చిన్న పని కూడా.

ముందు మీ పాఠకుడెవరో చూద్దాం. ముత్తుకూరులో ఫిషరీస్ చదివిన వ్యక్తి మామూలు పాఠకుడు కాడు. మీకంటే రొయ్యల గురించి ఎక్కువ తెలిసినవాడు, శాస్త్రీయ వ్యాసాలు చదవడం అలవాటున్నవాడు. ‘హరణ సంచయనం’, అంటే ఇతరుల వనరు చేజారడం మీద ఒకరి సంపద పెరగడం, అనే మాట దగ్గర అతను ఆగిపోతాడు. ఆగితే ప్రమాదం లేదు, ఎవరినైనా అడుగుతాడు, లేకపోతే వెతుక్కుంటాడు. అసలు ప్రమాదం అతను ఆగకుండా దాటిపోయే మాటల దగ్గర ఉంది. ‘పునరుత్పత్తి’ చూడండి. రొయ్యల మీద రాసిన వ్యాసంలో ఆ మాట కనబడగానే అతనికి గుర్తొచ్చేది తల్లి రొయ్యలు, హేచరీలు, పిల్ల. ‘పునరుత్పత్తి సంక్షోభం’ అంటే పిల్ల సరఫరాలో ఏదో ఇబ్బంది వచ్చిందనుకుంటాడు. ముందున్న ‘సామాజిక’ అనే విశేషణం అతన్ని ఆపలేదు. విద్యారంగం మీద పనిచేసేవారికి అదే మాట, చదువుల ద్వారా వర్గ తారతమ్యాలు తరం నుంచి తరానికి కొనసాగడం అని స్ఫురిస్తుంది. మీ ఉద్దేశం మూడోది: వండిపెట్టడం, నీళ్లు మోయడం, పిల్లల్నీ ముసలివారినీ చూసుకోవడం, అంటే కూలికి వెళ్లే మనిషి మర్నాడు మళ్లీ కూలికి వెళ్లగలిగేలా ఇంట్లో రోజూ సాగే పని. ముగ్గురు పాఠకులు మూడు రకాలుగా చదివి, ముగ్గురూ అర్థమైందనే అనుకుంటారు.

‘భేదీకరణ’ కూడా ఇటువంటిదే, పైగా మీ శాస్త్రం లోపలే దానికి రెండు ముఖాలు ఉన్నాయి. 1899లో లెనిన్ రష్యా రైతాంగం గురించి రాసినప్పుడు దాని అర్థం రైతులు ధనిక రైతులుగా, కూలీలుగా విడిపోవడం. వ్యవసాయ ఆర్థికవేత్త చయనోవ్ ఆ దేశపు రైతాంగాన్నే చూసి, కుటుంబంలో తినేవారూ పనిచేసేవారూ ఎందరున్నారన్న దాన్నిబట్టి కమతం పెరుగుతుంది, తరుగుతుంది అన్నాడు. వ్యవసాయ అర్థశాస్త్రం చదివినవారికి ఈ తగాదా తెలుసు. మీరు ఏ పక్షాన ఉన్నారో చెప్పకుండా ఆ మాట వాడితే, సగంమంది మీతో లేని గొడవ పెట్టుకుంటారు.

కాబట్టి పెన్సిలు తీసుకుని పేరాలో రెండు రకాల గుర్తులు పెట్టండి. పక్క శాస్త్రంవారికి బొత్తిగా తెలియని మాటలకు ఒక గుర్తు, వారికి వేరే అర్థంలో తెలిసిన మాటలకు ఇంకో గుర్తు. అందరూ మొదటి రకానికి వివరణలు రాస్తూ కూర్చుంటారు. మీరు రెండో రకంతో మొదలుపెట్టండి. వాటిని వివరించవద్దు, తీసేయండి. ‘సామాజిక పునరుత్పత్తి’ మీ వ్యాసానికి మూలస్తంభం కాదు. స్త్రీల పని గురించి ఒక విషయం చెప్పడానికి దాన్ని వాడారు. ఆ విషయమే నేరుగా చెప్పవచ్చు.

తర్వాతి పని ‘ఈకరణ’లను విప్పడం. మీ మూడు వాక్యాల్లో సరుకీకరణ, ఆవరణీకరణ, భేదీకరణ, విలోమీకరణ, వ్యక్తీకరణ ఉన్నాయి. వీటన్నిటా ఒక క్రియ నామవాచకంగా మారి, కర్త మాయమయ్యాడు. ‘ఆవరణీకరణ’ అంటే ఎవరో దేన్నో చుట్టేశారు. ఎవరు? దేన్ని? పంచాయతీవారా, బయటినుంచి వచ్చిన పెట్టుబడిదారా, ఊరి మోతుబరా? నోట్సులో కూడా ‘గట్లు లేచాయి’ అనే రాసుకున్నారు. గట్లు వాటంతట అవి లేవవు. ఎవరు వేశారో ఊళ్లో మీకు చెప్పి ఉంటారు, చెప్పకపోతే మళ్లీ వెళ్లి అడగాలి. ప్రతి ‘ఈకరణ’ పక్కన ‘ఎవరు, ఎవరిని, దేన్ని, ఎప్పుడు’ అని నాలుగు గళ్లు గీసుకుని నింపండి. నిండని గళ్లను అలాగే వదలండి, వాటితో పని ఉంది.

మీ మొదటి వాక్యంతో నేను ఆ పని చేసి చూస్తే ఒక సంగతి బయటపడింది. మీరు ఒకే ప్రక్రియ అన్నచోట రెండు ఉన్నాయి. ఒకటి సొంత పొలం కథ: పట్టా ఉన్న రైతు కాగితం రాసి పొలాన్ని కౌలుకిచ్చాడు, డబ్బు తీసుకున్నాడు. రెండోది పోరంబోకు కథ: అక్కడ ఎవరికీ పట్టా లేదు, ఎవరూ ఎవరికీ కౌలు ఇవ్వలేదు, పశువులు మేసే చోట గట్టు వచ్చింది. ఒకదానిలో ఒప్పందం ఉంది, రెండోదానిలో లేదు. ‘సరుకీకరణ, ఆవరణీకరణల ద్వారా’ అని కామా పెట్టి కలిపేసరికి ఈ తేడా కనబడకుండా పోయింది. న్యాయశాస్త్రం చదివినవారు ముందుగా పట్టుకునేది దీన్నే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్ ప్రకారం కౌలు అంటే ఆస్తిని అనుభవించే హక్కును మాత్రమే బదలాయించడం. యాజమాన్యం యజమాని దగ్గరే ఉంటుంది. “రైతు ఇష్టపడి కౌలుకిచ్చాడు, సొమ్ము తీసుకున్నాడు, ఇందులో హరణం ఎక్కడుంది?” అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. జవాబు మీ పేరాలో లేదు, నోట్సులో ఉంది: ఉప్పు ఊట.

ఇక్కడ కాస్త నిదానించాలి, ఎందుకంటే మీ వాదన మొత్తం ఈ ఊట మీదే నిలబడుతుంది. ముందు కౌలుకిచ్చినవారికీ తర్వాత ఇచ్చినవారికీ మధ్య తేడా ఉంది. ముందు ఇచ్చినవారు లాభం చూసుకుని ఇచ్చి ఉండవచ్చు. తర్వాతివారు, పక్క గుంటలో నెలల తరబడి నిలవ ఉన్న ఉప్పునీరు గట్టు అడుగునుంచి తమ మడిలోకి దిగాక, వరి పండక ఇచ్చామంటున్నారు. వారి దగ్గర ఎవరూ ఏమీ లాక్కోలేదు. వారి ముందున్న దారుల్లో ఒకదాన్ని పక్కవాడి గుంట మూసేసింది. వ్యాసంలో కొత్త విషయం ఇదే. ఇంత విలువైన సంగతి మూడు వాక్యాల్లో ఎక్కడా లేదు. ‘కౌలు సంబంధాల విలోమీకరణ జరిగి’ అన్న ముక్క కింద పూడిపోయింది.

పూడ్చింది పెద్ద మాటలు మాత్రమే అనుకోకండి, మీ వాక్య నిర్మాణానికి కూడా అందులో వాటా ఉంది. ‘తీవ్రతరమై, జరిగి’ అని అసమాపక క్రియలను గొలుసు కట్టి ‘వ్యక్తమైంది’తో ముగించారు. తెలుగులో ఇది అందమైన సౌకర్యం, కథ చెప్పేటప్పుడు దీనికి సాటి లేదు. ‘అన్నం తిని పడుకున్నాడు’ అంటే ఒకదాని తర్వాత ఒకటి. ‘వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడు’ అంటే మొదటిది రెండోదానికి కారణం. రూపం ఒకటే, అర్థాన్ని పాఠకుడు తన లోకజ్ఞానంతో పూరించుకుంటాడు. భేదీకరణ తీవ్రతరమై విలోమీకరణ జరిగింది అన్నప్పుడు పూరించుకోవడానికి పక్క శాస్త్రంవారి దగ్గర ఆ జ్ఞానం లేదు. రైతుల మధ్య తేడాలు పెరిగినందువల్ల చిన్నవారు కౌలుకిచ్చారా? కౌలుకిచ్చినందువల్ల తేడాలు పెరిగాయా? రెండూ ఒకే కాలంలో జరిగాయా? మీకైనా కచ్చితంగా తెలుసా? ప్రతి ‘ఐ’, ‘ఇ’ దగ్గర వాక్యాన్ని తెంచి, మధ్యలో ‘అందువల్ల’, ‘ఆ తర్వాత’, ‘దాంతోపాటు’ వీటిలో ఒకటి పెట్టండి. ‘అందువల్ల’ అని రాయబోతే చెయ్యి తడబడితే, ఆ కారణానికి మీ దగ్గర సాక్ష్యం లేదన్నమాట. అప్పుడు ‘ఆ తర్వాత’తో సరిపెట్టుకోవాలి. పరిశోధకులు గొలుసు వాక్యాలను ఇష్టపడటానికి ఈ ఎంపిక తప్పించుకోవడం ఒక కారణమని నా అనుమానం.

ఊట విషయంలో ఇంకో జాగ్రత్త. నేలశాస్త్రం తెలిసినవారికి ‘పొలం ఉప్పెక్కింది’ అన్నది కొలవదగిన వాక్యం. వరి ఉప్పుకు త్వరగా లొంగే పంట. నేలనుంచి తీసిన తేమలో విద్యుత్ వాహకత మీటరుకు సుమారు 3 డెసీసీమెన్లు దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుందని వారి లెక్క. మీరు కొలిచారా అని అడుగుతారు. కొలవకపోతే నేరం కాదు, ఆ మాట చెప్పకపోతేనే ఇబ్బంది. ‘ఉప్పెక్కిందని రైతులు చెప్పారు, మేము కొలవలేదు’ అని ఒక్క ముక్క రాస్తే, మీ సాక్ష్యం ఏ రకమైనదో వారికి తెలుస్తుంది. సామాజికశాస్త్రంలో రైతు మాట సాక్ష్యమే, ఎందుకంటే కౌలుకిచ్చే నిర్ణయం అతను తన నమ్మకాన్నిబట్టే తీసుకున్నాడు. అయితే ఆ సంగతి మీకు తెలిసినంత సహజంగా వారికి తెలియదు.

కాలం గురించి. ‘విస్తరణ’ అన్నారు, ఏ విస్తరణ? ఈ తీరంలో టైగర్ రొయ్యల జోరు 1990ల మొదట్లోది, ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి దాన్ని కుప్పకూల్చింది. 2009లో వెనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక నడిచింది ఇంకో కథ. ఫిషరీస్‌వారికి ఇవి రెండు వేర్వేరు సాగులు. న్యాయశాస్త్రంవారికి ఇంకో గీత ఉంది: 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, వ్యవసాయ భూములనూ గ్రామ ఉమ్మడి భూములనూ రొయ్యల చెరువులుగా మార్చకూడదని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. మీ పోరంబోకులో గట్టు 1994లో పడిందా, 1998లో పడిందా అన్నదాన్నిబట్టి వారి దృష్టిలో అది రెండు వేర్వేరు ప్రశ్నలవుతుంది. ఈ చరిత్రంతా పేరాలో పోయనక్కరలేదు. ‘1992 తర్వాత, టైగర్ రొయ్యల కాలంలో’ అని నాలుగు మాటలు చాలు.

ఇప్పుడు మీ గైడుగారి భయానికి వద్దాం. ఆ భయం నిష్కారణం కాదు. పదాలన్నీ ఊడబెరికితే నిజంగానే సిద్ధాంతం పోతుంది. చూడండి: “పెట్టుబడిదారులు పేద రైతుల పొలాలు లాక్కుని రొయ్యల చెరువులు తవ్వారు. ఆడవారు కష్టాలు పడ్డారు.” ఎవరికైనా అర్థమవుతుంది. కానీ అబద్ధం. పొలాలు లాక్కోలేదు, మీ నోట్సే ఆ మాట చెబుతోంది. తేలికపరచడంలో జరిగే పెద్ద నష్టం ఇదే. కష్టమైన మాట పోయినచోట, మన కోపానికి దగ్గరగా ఉన్న మాట వచ్చి కూర్చుంటుంది.

అందుకే ఒక్క పదాన్ని ఉంచమంటాను: హరణ సంచయనం. దాన్ని ఎందుకు ఉంచాలో చెప్పగలగాలి. మార్క్స్ ‘ఆదిమ సంచయనం’ అన్నదాన్ని పెట్టుబడిదారీ వ్యవస్థ పుట్టుక నాటి సంగతిగా చెబితే, డేవిడ్ హార్వే 2003లో అది ఇప్పటికీ సాగుతూనే ఉందంటూ ఈ భావనను ప్రచారంలోకి తెచ్చాడు. ఉమ్మడి ఆస్తి సొంత ఆస్తిగా మారడం అతను చెప్పిన రూపాల్లో ఒకటి. కాబట్టి మీ పోరంబోకు కథ ఆ భావనలో నేరుగా ఇముడుతుంది. కౌలు కథ నేరుగా ఇమడదు. పట్టా మిగిలి, కౌలు సొమ్ము అందుతూ, ఏ పంట వేయాలో నిర్ణయించే వీలు మాత్రం పోతే దాన్ని హరణం అనవచ్చా? అనవచ్చని మీరంటున్నారు. అంటే మీరు భావనను ఊరికే వాడుకోవడం లేదు, దాన్ని కొంచెం సాగదీస్తున్నారు. సాగదీస్తున్నామని బాహాటంగా చెప్పండి. సిద్ధాంతం పోవడం సంగతి అలా ఉంచండి, అసలు మీ సిద్ధాంతం బయటికొచ్చేది ఆ వాక్యంలోనే.

మిగిలినవాటిలో ‘విలోమ కౌలు’ అర్థశాస్త్రంవారికి చిరపరిచితం, తక్కినవారికి ఒక్క వాక్యం కావాలి. ‘భేదీకరణ’కు మీ నోట్సులో ఆధారం లేదు. ఎవరికి ఎన్ని ఎకరాలుండేవి, తర్వాత ఎన్ని మిగిలాయి అన్నది తెలిస్తేనే ఆ మాట నిలుస్తుంది. ఈ పేరాలో నుంచి తీసేయండి. ‘కర్తృత్వం నిర్మాణాత్మక పరిమితుల్లోనే వ్యక్తీకరణ పొందింది’ అన్న వాక్యాన్ని నిర్దయగా కొట్టేశాను. మనుషులు తమకున్న వీలు మేరకే ఏదైనా చేయగలరు అనే దానికంటే అందులో ఏమీ లేదు, అది ఏ ఊరికైనా వర్తిస్తుంది. కానీ ఆ వాక్యం మిమ్మల్ని దేన్ని గుర్తుచేసి రాయించిందో అది నోట్సులో ఉంది, కౌలు కాగితంలోని షరతు. నేనైతే దాన్ని వదులుకోను.

ఇదిగో, నా చేతనైనంతలో తిరగరాసింది. నాకు తెలియనిచోట గీతలు వదిలాను, అవి మీరు నింపాలి.

“మేము చూసిన గ్రామంలో రైతులు పొలాలను అమ్ముకోలేదు. అయినా చాలామందికి తమ పొలంలో వరి వేయాలా వద్దా అని నిర్ణయించుకునే వీలు పోయింది. అలా ఎలా జరిగిందన్నదే ఈ వ్యాసం ప్రశ్న. 1992 తర్వాత, టైగర్ రొయ్యల కాలంలో, కొందరు రైతులు వరి పొలాలను రొయ్యల గుంటలకు కౌలుకు ఇచ్చారు. గుంటల్లో నిలవ ఉంచిన ఉప్పునీరు తమ మళ్లలోకి ఊరి వరి దెబ్బతిందని పక్క రైతులు మాకు చెప్పారు. నేలలో ఉప్పును మేము కొలవలేదు. వరి గిట్టనందువల్లే తామూ కౌలుకు ఇచ్చామని మేము మాట్లాడిన ___ మందిలో ___ మంది అన్నారు. సాధారణంగా భూమి ఎక్కువ ఉన్నవారు కౌలుకిస్తారు, లేనివారు తీసుకుంటారు. ఇక్కడ చిన్న రైతులు ఇచ్చారు, పెట్టుబడి పెట్టగలిగినవారు తీసుకున్నారు.

ఇదే కాలంలో ఉప్పుటేరు ఒడ్డున ఊరి పశువులు మేసే పోరంబోకులో ___ గట్లు వేసి గుంటలు తవ్వారు. దీనికి ఎవరితోనూ ఒప్పందం లేదు. ఇతరులు అప్పటిదాకా అనుభవిస్తున్న వనరు వారి చేజారడం మీద ఒకరి సంపద పెరగడాన్ని హరణ సంచయనం అంటారు. పోరంబోకు విషయంలో ఈ మాట సూటిగా వర్తిస్తుంది. కౌలు పొలాల విషయంలో పట్టా రైతు దగ్గరే ఉంది, కౌలు సొమ్మూ అందింది. అయినా పక్క గుంట వల్ల పంటను ఎంచుకునే వీలు పోయినప్పుడు దాన్ని కూడా హరణంగానే చూడాలని మా వాదన.

వరి తగ్గడంతో స్త్రీలకు నాట్లు, కలుపు పనులు తగ్గాయి. కూలి తగ్గిన ఆ కాలంలోనే మంచినీళ్ల కోసం వారు మునుపటికంటే దూరం నడవవలసి వచ్చింది. సంపాదన తగ్గి ఇంటి పని పెరగడం, రెండూ ఒకేసారి వారి మీదే పడ్డాయి. రైతుల్లో కొందరు గడువు తీరాక గట్లు తీసి పొలం చదును చేసి ఇవ్వాలని కౌలు కాగితంలో రాయించుకున్నారు. వరికి తిరిగి వెళ్లే దారిని వారు వదులుకోలేదని దీన్నిబట్టి అనుకుంటున్నాము.”

పొడవు బాగా పెరిగింది, తప్పదు. సంపాదకులు పదాల పరిమితి గుర్తుచేస్తే వాక్యాలను మళ్లీ కుదించకండి, స్త్రీల పని గురించిన భాగాన్ని విడిగా ఇంకోచోటికి మార్చండి. అది వేరే వాదన, దాని సాక్ష్యం కూడా వేరు. నీళ్లకు దూరం పెరగడానికి కారణం రొయ్యల గుంటలేనా అన్నది మీ నోట్సులో తేలలేదు గనుక నేను ‘ఆ కాలంలోనే’ అని మాత్రమే రాశాను. ఊరి బావి ఉప్పుబారిందని మీకు ఎవరైనా చెప్పి ఉంటే అక్కడ ‘అందువల్ల’ పెట్టుకునే హక్కు మీకు వస్తుంది. చివరి వాక్యంలో ‘అనుకుంటున్నాము’ కూడా కావాలనే పెట్టాను. షరతు రాయించుకున్నది మళ్లీ వరి వేయడానికి కాకపోవచ్చు, చదును చేసిన పొలానికి ధర బాగా వస్తుందని కావచ్చు. పాత పేరాలో ఇటువంటి అనుమానాలకు చోటే లేదు.

తిరగరాశాక ఎవరికి చూపాలి? మీ విభాగంలో వారికి వద్దు. ఫిషరీస్ తెలిసినవారికి ఒకరికి, న్యాయవాది ఒకరికి ఇవ్వండి. “అర్థమైందా?” అని మాత్రం అడగకండి. మన వైపు మర్యాదస్తులు ఎక్కువ, అర్థమైందనే అంటారు. కాగితం వెనక్కి తీసుకుని, “తర్వాత కౌలుకిచ్చిన రైతు ఎందుకిచ్చాడు, మీ మాటల్లో చెప్పండి” అని అడగండి. ‘ఎక్కువ డబ్బు వస్తుందని’ అని జవాబు వస్తే ఊట వాక్యం పనిచేయలేదు, దాన్ని ముందుకు జరపాలి. ‘పెద్దవారు బెదిరించారు’ అంటే ‘హరణం’ అన్న మాట మిగతా పేరాను మింగేసింది, నిర్వచనానికి ముందే కౌలు సొమ్ము అందిన సంగతి చెప్పాలి.

వారిని ఇంకో ప్రశ్న కూడా అడగండి: “ఏం తెలిస్తే ఈ పేరా తప్పని మీరంటారు?” పాత పేరా చదివినవారు దీనికి జవాబు చెప్పలేరు, ఎందుకంటే అది తప్పయ్యే అవకాశమే కనబడనంత ఎత్తున తేలుతోంది. కొత్తది చదివిన అర్థశాస్త్రం మనిషి వెంటనే అంటాడు: గుంటలకు ఆనుకుని ఉన్న పొలాలవారూ, ఊట చేరే వీలులేనంత దూరంలో ఉన్న పొలాలవారూ ఒకే సమయంలో కౌలుకిచ్చి ఉంటే, కారణం ఉప్పు కాదు, కౌలు ధర. ఇది మీరు సరిచూసుకోగలిగిన విషయమే. గ్రామ పటం మీద ఏ సర్వే నంబరు ఏ ఏడాది గుంటగా మారిందో గుర్తులు పెట్టుకుంటే, గుంటలు ఒకచోట మొదలై పక్కపక్కకు పాకాయా, చెల్లాచెదురుగా లేచాయా తెలిసిపోతుంది. పాకి ఉంటే ఆ పటాన్ని వ్యాసంలో పెట్టండి. చెల్లాచెదురుగా ఉంటే కౌలు పొలాలను హరణం కిందికి తెచ్చిన వాక్యాన్ని తీసేసి, ఆ మాటను పోరంబోకు వరకే పరిమితం చేయండి.

మీ గైడుగారికి ఈ మూడు పేరాలతో పాటు పాతది కూడా చూపించండి. సిద్ధాంత గ్రంథంలో భావనల చర్చ చేసే అధ్యాయం ఒకటి ఎలాగూ ఉంటుంది. లెనిన్, చయనోవ్‌ల తగాదా, హార్వే మీద వచ్చిన విమర్శలు, సామాజిక పునరుత్పత్తి చర్చ అన్నీ అక్కడ పూర్తి పేర్లతో ఉండనివ్వండి. ఆ అధ్యాయాన్ని చదివే పరీక్షకులు మీ శాస్త్రంవారే. సంకలనంలోని వ్యాసానికి వారు పాఠకులు కారు.